లంచ్ బాక్సు సింకులో పెట్టమని పదో తరగతి అబ్బాయికి ఎలా చెప్పాలి?

వంటింటి_కిటికీ
మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. ఉదయం ఏడుంబావుకు బడికి వెళ్ళి, స్టడీ అవర్లు ముగించుకొని సాయంత్రం ఆరున్నర దాటాక ఇంటికి వస్తాడు. మధ్యాహ్నం తిన్న స్టీలు బాక్సును సంచిలోంచి తీసి సింకులో పెట్టడం ఒక్కటే నేను వాడిని అడిగే ఇంటిపని. అదీ జరగదు. తెల్లవారి అయిదున్నరకు కూర పొయ్యి మీద పెట్టి బాక్సు కోసం వెతికితే, అది సంచి అడుగున పుస్తకాల కింద దొరుకుతుంది. మూత తీయగానే పులిసిన పెరుగన్నం వాసన వంటగదంతా నిండుతుంది.

నేను రోజూ అనే మాటను ఉన్నదున్నట్టుగా రాస్తున్నాను. "ఒరేయ్, బాక్సు తీశావా? ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? రోజూ ఇదే గోల. నీ వయసులో నేను ఇంటెడు గిన్నెలు తోమేదాన్ని. రేపు హాస్టల్లో ఎవరు తీస్తారు నీ బాక్సు? ఆ ఫోను మీద ఉన్న శ్రద్ధలో పదోవంతు ఇంటి మీద ఉంటే ఎప్పుడో బాగుపడేవాడివి." దీనికి వాడు చెప్పే జవాబు "ఆఁ, తీస్తాలే" అన్నది ఒక్కటే.

ఈ మాటనే వాడికి ప్రేమగా వినిపించేలాగా, వాడు నిజంగా పట్టించుకునేలాగా ఎలా మార్చి చెప్పాలో తెలిసినవారు చెప్పండి. రెండు తగిలించమన్న సలహా మా మరిది ఇప్పటికే ఇచ్చాడు కనుక దాన్ని మినహాయించండి.

గోదారిగట్టు
మా నాన్నగారు కళ్ళజోడు పైనుంచి ఒక్కసారి చూస్తే పని జరిగిపోయేది. మాటలను తిరగరాయడం దాకా వచ్చిందంటే పెంపకంలో ఎక్కడో పట్టు సడలిందని నా అభిప్రాయం.

డల్లాస్_వదిన
పదిహేనేళ్ళ పిల్లలు మధ్యాహ్నం సరిగా తినకపోవడం ఇక్కడా ఉన్న సమస్యే. మావాడు అన్నం, కూర విడివిడిగా పెడితే ముట్టుకునేవాడు కాదు. పులిహోర, కొత్తిమీర అన్నం, ఎగ్ ఫ్రైడ్ రైస్ లాంటి ఒకే గిన్నెలో కలిపేసిన పదార్థాలు పెట్టడం మొదలుపెట్టాక బాక్సు ఖాళీగా తిరిగి వస్తోంది. తినడానికి దొరికే సమయం ఇరవై నిమిషాలే కాబట్టి వాళ్ళకు కలుపుకొనే ఓపిక ఉండదు. మీ అబ్బాయికి కూడా అలా పెట్టి చూడండి.

వంటింటి_కిటికీ
@డల్లాస్_వదిన గారు, మీ సలహాకు ధన్యవాదాలు, కానీ నా ప్రశ్న తిండి గురించి కాదు. తిన్న బాక్సును సంచిలోంచి బయటికి తీయమని చెప్పే పద్ధతి గురించి అడిగాను.

మధురవాణి_77
తప్పంతా "నువ్వు" అనే చోట మొదలవుతుంది. నిందించకుండా మన మనసులో ఉన్నది చెప్పాలని ఒక పేరెంటింగ్ తరగతిలో నేర్పారు. "నాన్నా, నువ్వు బాక్సు తీయకపోతే అమ్మకు ఎంత బాధగా ఉంటుందో తెలుసా? నేను ఇంత కష్టపడుతున్నా ఎవరికీ పట్టలేదనిపిస్తుంది" అని మెల్లగా చెప్పి చూడండి. పిల్లల మనసు కరగకుండా ఉండదు.

పదిహేడేళ్ళ_శ్రోత
నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇక్కడ అందరూ అమ్మలే మాట్లాడుతున్నారు కాబట్టి అవతలి పక్షం నుంచి ఒక మాట చెప్తాను. మొదటి పోస్టులోని మాటను నేను వింటే, రెండో వాక్యం దగ్గరే "ఇది బాక్సు గురించి కాదు, నా గురించి" అని అర్థమైపోతుంది. ఫోను దాకా వచ్చేసరికి అసలు ఏం చేయమన్నారో గుర్తుండదు. అప్పుడు "తీస్తాలే" అంటే బాక్సు తీస్తానని కాదు, దయచేసి ఇక ఆపమని.

మధురవాణి గారి మాట వింటే నాకు ఇంకా భయం వేస్తుంది. తిడితే తిట్టారులే అనుకొని ఊరుకుంటాను. బాక్సు తీయనందుకు అమ్మ బాధపడిందంటే ఏం చేయాలో తెలియదు, అందుకని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాను.

మధురవాణి_77
తలుపు వేసుకునే బదులు ఆ బాక్సు తీయవచ్చు కదా, బాబూ.

నిక్కచ్చి_నాన్న
ఎలా చెప్పినా ఒక్కటే. పదమూడేళ్ళు దాటితే పిల్లల మెదడుకు తల్లి గొంతు వినబడదని స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు నిరూపించారు. అందువల్ల మాటల మీద శ్రమ పడకండి. బాక్సు సింకులోకి రాకపోతే మరుసటి రోజు బాక్సు కట్టకండి. ఒక్కరోజు ఆకలితో ఉంటే తెలిసివస్తుంది.

బడి_మెట్లు
నేను ఒక ఉన్నత పాఠశాలలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఇలాంటి మాటలను తల్లిదండ్రులతో కూర్చొని తిరగరాయడం నా పనిలో భాగమే కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా నిక్కచ్చి_నాన్న గారి మాట. స్టాన్‌ఫోర్డ్ పరిశోధన 2022లో వచ్చిన మాట నిజమే గానీ, అందులో తేలింది వేరు. పన్నెండేళ్ళ లోపు పిల్లల మెదడులో ఇష్టానికీ శ్రద్ధకూ సంబంధించిన భాగాలు తల్లి గొంతుకు ఎక్కువగా స్పందించాయి, పదమూడు దాటినవారిలో అవే భాగాలు పరిచయం లేని గొంతులకు ఎక్కువగా స్పందించాయి. అమ్మ గొంతును పిల్లలు ఇట్టే గుర్తుపట్టారు. కొత్త గొంతుల మీద ఆసక్తి పెరిగింది తప్ప అమ్మ గొంతు వినబడకుండా పోలేదు. కాబట్టి ఎలా చెప్పినా ఒక్కటేనని దీని నుంచి తేల్చలేం.

చెప్పే తీరు గురించే నేరుగా పరీక్షించిన పని మరొకటి ఉంది. కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన నెట్టా వైన్‌స్టైన్ బృందం 2019లో ప్రచురించింది. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు సుమారు 1000 మందికి, బడి పనుల గురించి తల్లులు చెప్పే మాటల్లాంటివి రికార్డు చేసి వినిపించారు. మాటలు అవే, గొంతు తీరు మాత్రం వేరు. ఒత్తిడి పెట్టే గొంతుతో విన్నవారికి చికాకు పెరిగింది, అమ్మకు దగ్గరగా ఉన్నామన్న భావన తగ్గింది, చెప్పిన పని చేయాలన్న ఉద్దేశమూ తగ్గింది. ప్రోత్సాహకరంగా, ఎంపికకు చోటిచ్చే గొంతుతో విన్నవారిలో దీనికి భిన్నంగా కనిపించింది. అయితే వాళ్ళు విన్నది సొంత తల్లి గొంతు కాదు. మీ అమ్మ ఇలా అంటే మీకెలా ఉంటుందని అడిగారు. పైగా ఒక్కసారి విన్న ప్రభావమే అది. ఇంట్లో ఏళ్ళ తరబడి పేరుకున్నదాన్ని ఆ పరిశోధన కొలవలేదు.

ఇక మీ మాటలోకి వద్దాం. అందులో ఆరు వాక్యాలు ఉన్నాయి. చేయవలసిన పని ఒక్క మొదటి వాక్యంలోనే ఉంది, అది కూడా ఆజ్ఞగా కాక విచారణగా ఉంది. రెండు, మూడు వాక్యాలు పాత లెక్కలు. నాలుగోది మీ బాల్యం. అయిదోది వాడి భవిష్యత్తు. ఆరోది ఫోను, అంటే కొత్త కేసు. పదిహేడేళ్ళ_శ్రోత చెప్పినట్టు, వినేవాడు ఆరోదానికి జవాబు వెతుక్కునే పనిలో మొదటిదాన్ని వదిలేస్తాడు. మరోటి గమనించారా? బాక్సు ఎందుకు తీయాలో ఈ ఆరింటిలో ఎక్కడా లేదు. మాకు మాత్రం రెండు వాక్యాల్లో చెప్పారు: పొద్దున్నే అదే బాక్సు కావాలి, రాత్రంతా ఉంటే పులుస్తుంది, వాసన పడుతుంది. ఆ కారణాన్ని వాడికి ఎప్పుడైనా చెప్పారా?

మధురవాణి గారు నిందను తీసేయమన్నారు, అది సరైనదే. కానీ నింద ఉన్న చోట బాధను పెడితే బరువు మారుతుందే తప్ప తగ్గదు. బాక్సుకు సరిపడా కారణం చాలు. మీ జీవితంలోని శ్రమనంతా దాని మీద మోపితే, పిల్లవాడు తీర్చలేని అప్పులా కనిపిస్తుంది.

తిరగరాసే ముందు మీ నుంచి మూడు సంగతులు కావాలి. గిన్నెలు ఎన్ని గంటలకు, ఎవరు తోముతారు? మీరు ఈ మాటను ఏ సమయంలో, ఎక్కడ నిలబడి అంటారు? బాక్సు తీసిన రోజున ఏం జరుగుతుంది?

వంటింటి_కిటికీ
పనిమనిషి ఉదయం ఎనిమిదికి వస్తుంది, అప్పటికి వాడు వెళ్ళిపోతాడు. అందుకని రాత్రి గిన్నెలు తొమ్మిది గంటల ప్రాంతంలో నేనే తోముకుంటాను. మాట మాత్రం వాడు చెప్పులు విప్పుతుండగానే వంటగదిలోంచి అంటాను. మళ్ళీ ఎనిమిదికి ఒకసారి, తొమ్మిదికి ఒకసారి అంటాను. కారణం విడిగా చెప్పలేదు, వాసన వాడికీ తెలుస్తుంది కదా అనుకున్నాను. మూడో ప్రశ్న నాకు అర్థం కాలేదు. తీసిన రోజున ఏముంటుంది, తోముతాను.

ఇద్దరమ్మాయిల_తల్లి
చదువుతున్నకొద్దీ నాకు ఒక సంగతి గుచ్చుకుంటోంది. మా ఇంట్లో అమ్మాయిలు బాక్సు తీయడమే కాదు, కడిగి బోర్లిస్తారు కూడా. వాళ్ళకు ఎవరూ ప్రేమగా తిరగరాసి చెప్పలేదు. మగపిల్లవాడు అనేసరికి గొంతు తీరు, ఎంపిక, ఆత్మగౌరవం ఇవన్నీ చర్చకు వస్తున్నాయి.

వంటింటి_కిటికీ
మీరన్నది కాదనలేను. నాకు అమ్మాయి లేదు. ఉంటే దానికీ ఇలాగే అడిగేదాన్నని గట్టిగా చెప్పలేను.

బడి_మెట్లు
@ఇద్దరమ్మాయిల_తల్లి గారు, మీ మాటలో న్యాయముంది. నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో, చెప్పకుండానే పని చేసేవాళ్ళు కూడా ఇంట్లో మాటల పట్ల కోపంగానే ఉంటారు, బయటికి అనరు అంతే. కాబట్టి తిరగరాసిన మాట వాళ్ళకూ అవసరమే. అబ్బాయికి మర్యాదగా చెప్పడమంటే పనిని తగ్గించడమని మాత్రం కాదు.

ఇక మాట. చెప్పులు విప్పే సమయం అన్నిటికంటే చెడ్డది. పదకొండు గంటలు బయట ఉండి వచ్చినవాడికి మొదట వినిపించేది ఫిర్యాదే అయితే, రోజూ ఇంట్లో అడుగుపెట్టడమే చికాకవుతుంది. పైగా ఆరున్నరకు మీకు బాక్సుతో పని లేదు, తొమ్మిదికి ఉంది. మధ్యలో రెండున్నర గంటలు వాడివి. ఎంపికకు చోటివ్వడమంటే ఇదే. బాక్సు తీయాలా వద్దా అన్నది వాడి చేతిలో లేదు, తొమ్మిదిలోపు ఎప్పుడన్నది వాడి చేతిలో ఉంది.

నేను రాస్తే ఇలా రాస్తాను. వాడు టిఫినో పాలో ముగించాక, పక్కకు వెళ్ళి, మామూలు గొంతుతో: "నాన్నా, తొమ్మిదింటికి గిన్నెలు తోముతాను. ఆలోపు నీ బాక్సు మూత తీసి సింకులో పెట్టెయ్. పొద్దున్నే అందులోనే కట్టాలి, రాత్రంతా సంచిలో ఉంటే పులిసి వాసన పడుతోంది." ఇందులో నిన్నటి సంగతి లేదు, హాస్టలు లేదు, ఫోను లేదు.

మధురవాణి_77
"పెట్టెయ్" అనడం ఆజ్ఞే కదా. "పెడతావా, బంగారం?" అంటే ఇంకా మృదువుగా ఉంటుంది.

బడి_మెట్లు
"పెడతావా" అంటే "పెట్టను" అనే హక్కు కూడా ఇచ్చినట్టే. వాడు కాదంటే మీరు ఒప్పుకునే సంగతైతే ప్రశ్నగా అడగండి. ఒప్పుకోనప్పుడు సూటిగా చెప్పడమే మర్యాద. పిల్లలు కపట ప్రశ్నను వెంటనే పసిగడతారు. ఇక బంగారం అన్న పిలుపు మీ ఇంట్లో రోజూ ఉంటే సరే, బాక్సు కోసమే పుట్టుకొస్తే మాత్రం వద్దు.

పదిహేడేళ్ళ_శ్రోత
మా ఇంట్లో "బంగారం" అని వినిపించిందంటే గ్యాస్ సిలిండరు మోయాలన్న మాట.

బడి_మెట్లు గారి మాట బాగుంది గానీ నాదొక అనుమానం. ఇదే మూడు వాక్యాలు రోజూ వింటే వారానికల్లా అదీ గోలే అవుతుంది. కారణం ఒకసారి తెలిశాక మళ్ళీ చెబితే, నాకు మతిమరుపు ఉందనుకుంటున్నట్టు ఉంటుంది.

బడి_మెట్లు
సరిగ్గా పట్టుకున్నావు. పెద్ద మాట ఒక్కసారే చెప్పాలి, అదీ గొడవ లేని సమయంలో, ఆదివారం మధ్యాహ్నం లాంటప్పుడు. అప్పుడే వాడిని రెండు ప్రశ్నలు అడగాలి, ఇవి మాత్రం నిజమైన ప్రశ్నలు. "ఏ సమయానికైతే నీకు వీలు? నేను గుర్తు చేయాలా, అక్కర్లేదా. చేస్తే ఎలా చేస్తే నీకు చిరాకు రాదు?" వాడు చెప్పిన పద్ధతి మీకు వింతగా ఉన్నా కొన్నాళ్ళు అదే పాటించండి. ఆ తర్వాత రోజువారీ గుర్తుచేయడానికి "తొమ్మిదవుతోంది, నాన్నా" అన్నా చాలు. తన నోటితో ఒప్పుకున్నదాన్ని గుర్తుచేస్తే అధికారంలా వినిపించదు.

గోదారిగట్టు
ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక్క సంగతి ఒప్పుకుంటాను. తరగతి గదిలో కూడా దూరం నుంచి అరిచి చెప్పినదానికంటే బెంచీ దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పినది త్వరగా జరిగేది. అయితే అది నా హోదాకున్న బలమని ఇప్పటికీ నమ్ముతాను.

నిక్కచ్చి_నాన్న
ఇంత మర్యాద చేసినా బాక్సు రాకపోతే ఏం చేస్తారో ఎవరూ చెప్పడం లేదు. నేను చెప్పిందే మిగులుతుంది, మరుసటి రోజు బాక్సు లేదు.

బడి_మెట్లు
దాని గురించి తల్లిదండ్రుల మధ్యా, మా వృత్తిలోనూ భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నా వరకు, ముందుగా చెప్పి, కోపం లేకుండా చేస్తే అది ఫలితం. ఆ ఉదయం కసిగా చేస్తే శిక్ష. పదకొండు గంటలు బయట ఉండే పిల్లవాడిని ఆకలితో ఉంచడానికి నాకు మనసొప్పదు. "తోమిన బాక్సు లేకపోతే ఆ రోజు అరటాకు పొట్లమో, పాత ప్లాస్టిక్ డబ్బానో" అని ఆదివారం నాడే చెప్పుకోవచ్చు.

నిక్కచ్చి_నాన్న
మా అమ్మ అరటాకు పొట్లమే కట్టేది. అది ఫలితమూ కాదు, శిక్షా కాదు, విందు.

వంటింటి_కిటికీ
ఆదివారం మాట్లాడాను. జరిగింది రాస్తున్నాను, ఎందుకంటే నేను ఊహించని సంగతి బయటపడింది.

మొదట కారణం చెప్పాను. బాక్సు తోమే గంట తనకు తెలియదన్నాడు. పొద్దున్నే పనిమనిషి తోముతుందనుకున్నాడట. ఆ తర్వాత, ఎలా గుర్తు చేయమంటావని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "గుర్తు లేక కాదమ్మా. బాక్సు తీస్తే నువ్వు మూత తెరిచి చూస్తావు. బీరకాయ కూర ఎందుకు వదిలావు, అన్నం ఎందుకు మిగిల్చావు అని మొదలుపెడతావు. నువ్వు పడుకున్నాక పారేద్దామనుకుంటాను, నిద్రపోతాను" అన్నాడు.

బడి_మెట్లు గారి మూడో ప్రశ్నకు జవాబు ఇదన్న మాట. తీసిన రోజున తోముతాను అని రాశాను గానీ, తోమే ముందు విచారణ కూడా జరుగుతుంది.

డల్లాస్_వదిన
ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకున్నానని ఇన్నాళ్ళూ మొహమాటపడుతూ కూర్చున్నాను. పులిహోర ప్రస్తావన ఊరికే తీసుకురాలేదని అందరూ గమనించగలరు.

బడి_మెట్లు
వదిన గారికి పూర్తి మార్కులు.

మాటను ఎంత మృదువుగా తిరగరాసినా పనిచేయకపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇది తరచుగా కనిపించేది. చెప్పిన పని చేసిన వెంటనే ఇంకో చీవాటు ఎదురైతే, పని చేయకపోవడమే లాభమని పిల్లలు నేర్చుకుంటారు. మీ వాడికి సంచి అడుగే సురక్షితమైన చోటు. కాబట్టి తిరగరాయవలసినది "బాక్సు తీశావా" అన్నది మాత్రమే కాదు, బాక్సు సింకులోకి వచ్చాక మీరు అనే మొదటి మాట కూడా. "ఇవాళైనా బుద్ధి పుట్టింది" అన్న ఎత్తిపొడుపు గానీ, కూర లెక్క గానీ అక్కడ ఉండకూడదు. "సరే నాన్నా" చాలు, అదీ లేకపోయినా ఫర్వాలేదు.

ఆదివారం మాటకు ఒక వాక్యం కలపండి: "మిగిలినదాని గురించి బాక్సు దగ్గర అడగను. తినలేనివి ఏవో వేరుగా చెప్పు, అవి తగ్గించి కడతాను." మాట ఇచ్చాక దాన్ని నిలబెట్టుకోవడం కష్టం. మొదటి వారంలోనే ఒకరోజు నిండు బాక్సు తిరిగి వస్తుంది. అది మీకు పరీక్ష.

ఇద్దరమ్మాయిల_తల్లి
అన్నం పారేసినా ఏమీ అనకూడదా? నాకు ఇది మింగుడుపడటం లేదు. తిండి విలువ తెలియకపోతే ఎలా?

బడి_మెట్లు
అనవచ్చు, అయితే సింకు దగ్గర కాదు. రోజూ మిగులుతోందంటే ఆకలి తగ్గిందా, తినే సమయం చాలడం లేదా, స్నేహితులతో క్యాంటీన్‌లో తింటున్నాడా అన్నది తెలుసుకోవలసిందే. బరువు తగ్గడం, ఇంట్లో కూడా తినకపోవడం కనిపిస్తే మాటలతో ఆగకుండా డాక్టరుకు చూపించాలి. ఇక్కడ మాత్రం రెండు విషయాలను ఒకే చోట కలిపేయడం వల్ల రెండూ చెడ్డాయి.

వంటింటి_కిటికీ
ఇంట్లో బాగానే తింటున్నాడు, బీరకాయ, పొట్లకాయల మీదే పేచీ అంతా. గుర్తుచేసే పద్ధతి గురించి వాడు చెప్పింది కూడా రాస్తాను. నోటితో చెప్పవద్దన్నాడు. రాత్రి ఎనిమిదిన్నరకు వాడి ఫోనులో వాడే అలారం పెట్టుకున్నాడు, దానికి "బాక్సు" అని పేరు పెట్టాడు. అలారం మోగినా రాకపోతే అప్పుడు నేను గది దాకా వెళ్ళి "తొమ్మిదవుతోంది, నాన్నా" అనవచ్చట, వంటగదిలోంచి అరవకూడదట. వాడి స్నేహితులు ఫోనులో ఉండగా అసలు అనకూడదట.

గోదారిగట్టు
నిబంధనలు వాడు పెడుతున్నాడు, తల్లి సంతకం చేస్తోంది.

పదిహేడేళ్ళ_శ్రోత
స్నేహితుల ముందు అనకూడదన్నది చాలా న్యాయమైన నిబంధన, మాస్టారూ.

వంటింటి_కిటికీ
కొన్ని రోజులు గడిచాయి. ఎక్కువ రోజులు బాక్సు వస్తోంది, కొన్ని రోజులు రావడం లేదు. అలారం ఆపేసి ఆటలో మునిగిన రోజున గది దాకా వెళ్ళి ఆ రెండు ముక్కలే అన్నాను. కానీ గొంతు నాకు తెలియకుండానే పాతదే వచ్చింది. వాడు "మళ్ళీ మొదలుపెట్టావా" అన్నాడు. మాటలు కొత్తవే, అయినా వాడికి పాతవే వినిపించాయి.

ఇంకో చిక్కు ఉంది. మా అత్తగారు ఈ తతంగమంతా చూసి, "పసివాడిని ఎందుకలా సతాయిస్తావు" అంటూ వాడు వచ్చీ రాగానే సంచిలోంచి బాక్సు తానే తీసి సింకులో పెట్టేస్తున్నారు. నాకు బాక్సు దొరుకుతోంది గానీ వాడికి అలవాటు కావడం లేదు. ఆమెకు ఏ మాట, ఎలా తిరగరాసి చెప్పాలి?

మధురవాణి_77
దానికి వేరే పేజీ తెరవాలండీ, ఇందులో సరిపోదు.

బడి_మెట్లు
గొంతు సంగతి ముందు. తొమ్మిదింటికి మీరు సింకు ముందు నిలబడి, చేతులు తడిగా, ఇంకా పని మిగిలి ఉన్నప్పుడు గొంతు మెత్తగా రమ్మంటే రాదు. ఎనిమిదీ నలభైకే, గిన్నెలు మొదలుపెట్టకముందే వెళ్ళి అనండి. ఆలస్యమయ్యాక అంటే ఏ మాటైనా ఫిర్యాదుగానే పలుకుతుంది. వాడు "మళ్ళీ మొదలుపెట్టావా" అంటే సమాధానం చెప్పకుండా వెనక్కి వచ్చేయండి. గెలవడానికి అక్కడే నిలబడితే ఆరు వాక్యాలూ తిరిగి వస్తాయి.

అత్తగారి విషయంలో నాకూ స్పష్టమైన జవాబు లేదు. ఆమె ప్రేమను తప్పుపట్టకుండా, వేరే పని అప్పగించమని నేను కొందరికి చెప్పాను, కొన్ని ఇళ్ళలో పనిచేసింది. వాడు బాక్సు సింకులో పెట్టాక మూతకున్న రబ్బరు రింగును విడదీసి నిమ్మచెక్కతో రుద్దే బాధ్యత ఆమెకు ఇచ్చి చూడండి.

గోదారిగట్టు
ఆమెకు ఇవ్వకండి. ఎనభై ఏళ్ళ ఆవిడ చేత రబ్బరు రింగులు రుద్దించడమేమిటి? మనవడినే నేరుగా ఆమెకు చెప్పనివ్వండి, "నానమ్మా, అది నా పని" అని. కోడలు చెబితే పట్టింపు వస్తుంది, మనవడు చెబితే మురిసిపోతుంది.

ఇద్దరమ్మాయిల_తల్లి
ఈ పేజీ మొత్తంలో మాస్టారు గారితో నేను ఏకీభవించిన మొదటి మాట ఇది.

వంటింటి_కిటికీ
ఎనభై కాదండీ, డెబ్బై రెండు. ఆమె చదివితే ఊరుకోరు. మనవడి చేత చెప్పించే ఉపాయం బాగుంది, ఈ రాత్రి భోజనాల దగ్గర వాడిని అడుగుతాను. @డల్లాస్_వదిన గారు, కొత్తిమీర అన్నంలో పచ్చి కొత్తిమీర రుబ్బి కలుపుతారా, వేయించాక కలుపుతారా?

డల్లాస్_వదిన
పచ్చిమిర్చి, అల్లంతో కలిపి పచ్చిదే రుబ్బి, పోపులో పచ్చివాసన పోయేదాకా వేయించి, అన్నం చల్లారాక కలపండి. వేడి మీద కలిపి మూత పెడితే మధ్యాహ్నానికి ముద్దవుతుంది.